నర్సవ్వ ఏడో నంబరు

మా భివండీ గోదాములో నర్సవ్వ ముక్కుకున్న విలువ మేస్త్రీ మాటకు లేదు. జనం ఫోనులో కొని, వద్దని తిప్పి పంపిన బట్టలూ చెప్పులూ మా బల్లల మీదికి వస్తాయి. చీటీ ఉందా, మరక పడిందా, తొడిగారా అని చూసి, బాగుంటే ఆకుపచ్చ బిళ్ల, వాడినదైతే ఎర్ర బిళ్ల అంటించాలి. ఎర్ర బిళ్ల పడితే సరుకు కొన్నవాళ్ల ఇంటికే తిరిగిపోతుంది. డబ్బు రాదు.

నర్సవ్వ చొక్కా చంకను ఒక్కసారి వాసన చూసి తేల్చేస్తుంది. "పెండ్లికి తొడిగి పంపిండ్రు. చెమట మీద సెంటు, సెంటు మీద చెమట."

ఎనిమిదిలో బడి మానేసి వచ్చినదాన్ని. అడగాలంటే నోరు పెగలదు. ఆమె చేతులు చూస్తూనే పని నేర్చుకున్నాను. "బూటు వంగే కాడ గీత చూడు పిల్లా. మనిషి అబద్ధమాడుతడు గని తోలు ఆడదు."

పోయిన నెల మా మేస్త్రీ ఖరాడే కొత్త కట్టడి పెట్టాడు. ఒకటో తారీఖు నుంచి నల్ల బూట్లు లేనివాళ్లను గేటు దాటనివ్వరట. ఇరవై ఏళ్లు సాంచాల దగ్గర, మరమగ్గాల ముందు నిలబడి నర్సవ్వ పాదాలు పరుచుకుపోయాయి. ఆమె చెప్పుల వెనక ఆరు అని ఉంటే, నేను ఆమె ఫోనులో ఆరో నంబరు బూట్లకే ఆర్డరు పెట్టాను. ఆఫర్‌లో ఆరువందల తొంభై తొమ్మిది. తప్పు నాదే. బూట్లు వచ్చాయి, చిటికెన వేలు పట్టలేదు.

ఏడో నంబరుకు మార్చమని పెట్టాను. అదే ధర. వచ్చేవాడు ఏడు తెచ్చిచ్చి ఆరు పట్టుకుపోతాడు. కానీ గోదాములోకి ఫోన్లు రానివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి. సాయంత్రం తీసి చూస్తే, "ఫోన్ ఎత్తలేదు, తీసుకోలేకపోయాం" అని ఉంది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఆమె కూలి పోగొట్టుకుని, బూట్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని పొద్దంతా గడప మీద కూర్చుంది. ఫోన్ మోగలేదు. అయిదింటికి సందేశం వచ్చింది: మీరు ఇంట్లో లేరు, మార్పిడి రద్దయింది.

మర్నాడు నేను చదివి చెబితే నర్సవ్వ నవ్వింది. "ఇంట్ల లేనా? మరి గడప మీద కూసున్నదెవలే, నా దయ్యమా?"

ఆలోగా ఆఫర్ అయిపోయింది. ఏడో నంబరు ఇప్పుడు తొమ్మిదివందల తొంభై తొమ్మిది. ఆరు తిప్పి పంపి, డబ్బు వచ్చాక, పైన మూడొందలు వేసి కొనుక్కోవాలి. ఆరును వాపసుకు పెట్టాను.

"గదే బూటు, ఒక్క నంబరుకు మూడొందలా? నా ఏలుకు కిరాయా?" అంది.

ఇంతలో ఒకటో తారీఖు రానే వచ్చింది. గేటు కోసం రెండు రోజులు ఆ ఆరో నంబరే తొడిగి కుంటింది. మూడో రోజు ఆదివారం సెలవు. ఆ రోజు ఒకడు వచ్చి చీటీ ఒక్కటే చూసి బూట్లు పట్టుకుపోయాడు. అప్పటినుంచి పక్కింటాయన పాత బూట్లలో గుడ్డలు కుక్కుకుని వస్తోంది, డబ్బు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ.

ఎనిమిది రోజులకు ఆ పెట్టె నా బల్ల మీదికే వచ్చింది. మూలన నర్సవ్వ అద్దిన పసుపు చుక్క. బూటు తీసి వంచాను. గీత ఉంది. నా వేళ్లు ఆకుపచ్చ బిళ్ల మీద ఉన్నాయి. వెనక ఖరాడే తిరుగుతున్నాడు. తప్పు బిళ్ల బయటపడితే, దాని మీద నంబరు ఎవరిదైతే వాళ్లను ఆ రోజే గేటు బయటికి పంపుతాడు.

పక్క బల్ల నుంచి నర్సవ్వ చూసింది. వచ్చి నా చేతిలోంచి బూటు తీసుకుని వాసన చూసింది.

"ఏమంటోంది నర్సవ్వా, నీ ముక్కు?" అన్నాడు ఖరాడే.

"తొడిగిండ్రు సాబ్. రెండు దినాలు."

ఎర్ర బిళ్ల తనే అంటించింది.

మధ్యాహ్నం రొట్టెల డబ్బా తెరిచినప్పుడు మెల్లగా అన్నాను, "ఊకోరాదా అత్తా, నేను పచ్చది పెడుదును."

"బిళ్ల మీద ఉండేది నీ నంబరే, నాది గాదు. తిను."

ఆ తర్వాత తన ఫోను నా చేతికివ్వలేదు.

నాలుగో రోజు బూట్లు ఇంటికి తిరిగొచ్చాయి. తెచ్చినవాడు ఫోన్ కూడా చెయ్యలేదట, నేరుగా గడప దగ్గరికే వచ్చాడట.

"ఇయ్యాల ఎట్ల దొరికిందిరా బిడ్డా, ఇల్లు?" అని అడిగిందట.

"రోడ్డు మీదనే ఉంది గదా అవ్వా, ఎవలకైనా దొరుకుతది" అన్నాడట వాడు.

వేలు పట్టేలా బూటు ముందు భాగం కోసుకుంటే ఖరాడే రానివ్వడు. అందుకని మడమ తొక్కి వేసుకుంటోంది. గేటు దగ్గరికి రాగానే వంగి, వేలితో మడమ లోపలికి నెట్టుకుంటుంది. తోలు మీద గీతలు ఇప్పుడు లెక్కలేనన్ని.