రాజకుమారి మెట్ల లెక్క

గోదావరిఖనిలో నెల మొదటి వారం వచ్చిందంటే రిటైరైన కార్మికులు రాజకుమారి పేరు తలుచుకోకుండా ఉండరు. తలుచుకునేటప్పుడు ముందో వెనకో ఒక తిట్టు తగిలిస్తారు. ఆమెకూ ఆ సంగతి తెలుసు. తిట్టేవాడు బతికున్నట్టే కదా అని సంతోషిస్తుంది, ఎందుకంటే ఆమె వ్యాపారమంతా వాళ్ళు బతికుండటం మీదే నడుస్తుంది.

ఆ వ్యాపారం ఇది. బాయి పని, అంటే బొగ్గుగని పని, దిగిపోయిన ముసలాయనకు నెలకు ఆరువేల పింఛను వస్తుందనుకోండి. ఇంటికి స్లాబు వెయ్యాలి, ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. అప్పుడతను తన ఏటీఎం కార్డూ, దాని నాలుగంకెలూ రాజకుమారి చేతిలో పెడతాడు. ఆమె ఇన్ని నెలలని రాసుకుని, ఆ నెలలన్నిటి పింఛనుకూ ఇవాళ్టి ధర కట్టి నోట్లు లెక్కపెడుతుంది. గడువు తీరేదాకా పింఛను ఆమెది. దీనికి ఏ కోర్టూ ఒప్పుకోదని ఇద్దరికీ తెలుసు. తెలిసినందుకే కాగితం రాసుకోరు.

ధర కట్టే విద్య ఆమెకు మొగుడి నుంచి వచ్చింది. వేణుమాధవ్ గని ఆఫీసులో జీతాల గుమస్తా. పోతూ పోతూ బంగారమేమీ మిగల్చలేదు గానీ నూటికి రెండు రూపాయల వడ్డీ మీద, నెలవారీగా, తన వంపు చేతిరాతతో రాసిన ఒక పట్టిక మిగిల్చాడు. పన్నెండు నెలలకు ఇవాళ్టి ధర నెల పింఛనుకు పదిన్నర రెట్లు. ఇరవై నాలుగుకు దాదాపు పంతొమ్మిది. ముప్పై ఆరుకు ఇరవై అయిదున్నర. అరవైకి ముప్పై నాలుగూ ముప్పావు. పట్టిక అడుగున ఎర్రసిరాతో, ప్రళయందాకా కట్టినా యాభై రెట్లే అని రాశాడు. ఆ మాట మొదట చదివినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది, తర్వాత భక్తి పుట్టింది.

కొత్తగా వచ్చినవాళ్ళు గొడవకు దిగుతారు. అరవై నెలలు, నెలకు ఆరువేలు, మొత్తం మూడు లక్షల అరవై వేలు కదా, రెండు లక్షల చిల్లర చేతిలో పెట్టి మిగతాది మింగుతావా అంటారు. అప్పుడామె ఓపిగ్గా కూర్చోబెట్టి చెబుతుంది. వచ్చే నెల వచ్చే వంద ఇవాళ వంద కాదు, తొంభై ఎనిమిది. ఆ పై నెలది ఇంకా తక్కువ. అట్లా దూరం జరిగేకొద్దీ అరిగిపోయి, అయిదేళ్ళ తర్వాత వచ్చే చివరి ఆరువేలు ఇవాళ్టి చేతిలో పద్దెనిమిది వందల ముప్పై రూపాయలకు మించదు. నమ్మకపోతే బ్యాంకుకు పొమ్మంటుంది. బ్యాంకువాడు వడ్డీ తక్కువ వేసుకుంటాడు కాబట్టి అదే పింఛనుకు ఎక్కువ ధర కడతాడని ఆమెకు తెలుసు. ఆ ముసలాయనను బ్యాంకువాడు గుమ్మం ఎక్కనివ్వడని కూడా తెలుసు.

అయితే వేణుమాధవ్ పట్టికలో ఒక లోపముంది. అందులో ఎవరూ చావరు. బయట చస్తారు, అందునా ముప్పై ఏళ్ళు బొగ్గు దుమ్ము పీల్చినవాళ్ళు కాస్త తొందరగానే చస్తారు. పింఛను మనిషితోపాటే పోతుంది. పెళ్ళానికి వేరే పింఛను, వేరే ఖాతాలో, తక్కువ రేటుకు మొదలవుతుంది. కార్డు మాత్రం అట్టముక్క అవుతుంది. దీనికి రాజకుమారి తనే ఒక మందు కనిపెట్టింది. అదే మెట్ల లెక్క.

ఆమె ఇల్లు రెండో అంతస్తులో. గల్లీ నుంచి ముప్పై రెండు మెట్లు. కింద గేట్లూ గ్రిల్లులూ చేసే వెల్డింగు షాపు, పొద్దస్తమానం ఒకటే రొద. పద్దెనిమిదో మెట్టు దగ్గర మలుపు తిరిగాకే పైకి అడుగుల చప్పుడు వినిపిస్తుంది. రాజకుమారి తలుపు పక్కన కుర్చీ వేసుకుని చెవి అటు పెడుతుంది. వచ్చినవాడు గుమ్మంలో నిలబడి ఒక్క ఊపిరిలో నమస్తే అన్నాడా, అరవై నెలలు. మధ్యలో ఆగి అన్నాడా, ముప్పై ఆరు. గోడ పట్టుకుని ముందు ఊపిరి తీసుకున్నాడా, ఇరవై నాలుగు. నమస్తే మింగేసి నీళ్ళడిగినవాడికి నీళ్ళిచ్చి పంపేస్తుంది. దవాఖాన డాక్టరు కన్నా తన చెవే నయమని ఆమె నమ్మకం. మోకాళ్ళు మొరాయించి ఆరేళ్ళుగా కిందికి దిగలేదు. కూరగాయలు తాడు కట్టిన బుట్టలో పైకొస్తాయి. డబ్బు పనులకు అక్క కొడుకు జైపాల్ ఉన్నాడు, నలభై ఏళ్ళవాడు, కార్డుల కట్ట పట్టుకుని ఏటీఎంల వెంట తిరుగుతాడు.

ముష్తాక్ ఒక్క ఊపిరిలో సలాం అన్నవాడు. బాయిలో బొగ్గు తొట్లు లాగే హాలేజీ నడిపిన మనిషి, అరవై మూడేళ్ళు. ఆ మలుపు నుంచి టకటకా ఎక్కొచ్చి, "సలామక్కా, మంచిగున్నవా, మోకాళ్ళెట్లున్నయ్" అని మూడు మాటలూ కలిపి అనేశాడు. రాజకుమారి మనసులోనే అరవై రాసేసింది. ఆరువేలను పట్టికలో రెట్టుతో గుణిస్తే రెండు లక్షల ఎనిమిది వేల అయిదొందల చిల్లర వచ్చింది. చిల్లర తను ఉంచుకుని రెండు లక్షల ఎనిమిది వేలు ఇచ్చింది. ఇంటిమీద స్లాబు పడింది. పద్నాలుగు నెలలు కార్డు పలికింది. పదిహేనో నెల జైపాల్ మూడు ఏటీఎంలు తిరిగొచ్చి కార్డు పనిచేస్తలేదని చెప్పాడు. తర్వాత కనుక్కుంటే ముష్తాక్ పోయి ఇరవై రోజులైంది. ఊపిరితిత్తులంట.

రాజకుమారి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. ముష్తాక్ కోసమని చెప్పుకుంది. కొంత నిజమే. కానీ రెండేళ్ళలో గడువు తీరకుండా చచ్చిన కార్డు ఇది ఎనిమిదోది. అందరూ ఒక్క ఊపిరిలో నమస్తే పెట్టినవాళ్ళే. చెవికి ముసలితనం వచ్చిందేమోనని భయం పట్టుకుంది.

జైపాల్ ఓదార్చబోయాడు. ఎనభై నాలుగు వేలు వచ్చినయ్ కదా, పోయింది లక్షా ఇరవై నాలుగు వేలే కదా అన్నాడు. రాజకుమారి వాడి వైపు జాలిగా చూసింది. రావాల్సిన నలభై ఆరు నెలల ధర పట్టిక ప్రకారం లక్షా డెబ్భై తొమ్మిది వేల మూడొందల యాభై నాలుగు. ఇప్పటిదాకా వచ్చినదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే సరిపోయింది, అసలు కదిలింది కొంచెమే. ఈ మాట చెబితే వాడికి ఎక్కదు.

నలభై రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం మలుపు మీద కొత్త అడుగులు వినిపించాయి. ఆడమనిషివి. గుమ్మంలోకొచ్చింది ముష్తాక్ భార్య సర్వరీ బేగం. యాభై తొమ్మిదేళ్ళుంటాయి. బురఖా ముసుగు పైకి తీసి, ఊపిరి పీల్చుకోకుండా సలాం చెప్పి కూర్చుంది. కొంగు ముడి విప్పి ఒక కొత్త ఏటీఎం కార్డు బల్లమీద పెట్టింది.

"ఆయన మీద కర్జా బాకీ ఉంటే ఆయన రూహుకు, ఆత్మకు నిమ్మళం ఉండదక్కా," అంది. "నాకు మూడువేల ఆరొందలు వస్తున్నయ్. గీ కార్డు ఉంచుకో. ఎప్పుడు తీరితే గప్పుడు ఇయ్యి."

రాజకుమారి చేతులు వాటంతటవే పట్టిక దగ్గరికెళ్ళాయి. లక్షా డెబ్భై తొమ్మిది వేల మూడొందల యాభై నాలుగు మీద నూటికి రెండు చొప్పున నెల వడ్డీ మూడువేల అయిదొందల ఎనభై ఏడు. వచ్చేది మూడువేల ఆరొందలు. అసలుకు పోయేది నెలకు పదమూడు రూపాయలు. వేళ్ళు తిరుగుతూనే ఉన్నాయి. ఇరవై మూడేళ్ళ ఎనిమిది నెలలు పడుతుంది. అప్పటికి సర్వరీకి ఎనభై మూడో ఏడు నడుస్తుంటుంది. అంటే ఈమె బతికినన్నాళ్ళూ ఈ కార్డు తనదే. ఎవరూ అడగరు. ఈమె అసలే అడగదు, తీరినప్పుడు ఇమ్మని తన నోటితోనే అంది. దొంగతనం చేసే పని కూడా లేదు, లెక్క సరిగ్గా చేస్తే చాలు. రాజకుమారికి లోపల సంతోషం పొంగింది, ఆ సంతోషాన్ని చూసి కొంచెం సిగ్గు కూడా వేసింది.

"నీ లెక్కల ఎంత ఉన్నది?" అని అడిగింది ఎందుకైనా మంచిదని.

సర్వరీ వేళ్ళమీద చెప్పింది. తీసుకున్నది రెండు లక్షల ఎనిమిది వేలు, కట్టింది ఎనభై నాలుగు. మిగిలింది లక్షా ఇరవై నాలుగు వేలు. సూదు, అంటే వడ్డీ, తను ఇయ్యదు, ఎవరి నుంచీ తీసుకోదు, అసలు మాత్రం దమ్మిడీ ఉంచుకోదు. ముప్పై అయిదు నెలలు. రాజకుమారి దానికీ ధర కట్టింది. ఎనభై తొమ్మిది వేలు. తన లెక్కలో సగం. తను కాదంటే, కాగితం లేని బాకీ కాబట్టి, వచ్చేది సున్నా.

ఆలోచించుకుని చెబుతానంది. కార్డు మాత్రం బల్లమీదే ఉంచుకుంది. సర్వరీ లేచింది గానీ దిగడానికి మోకాళ్ళు సహకరించలేదు. ఇంటికొచ్చిన మనిషి మెట్లమీద పడితే పేరు పోతుందని రాజకుమారి చెయ్యి పట్టుకుని మలుపుదాకా దిగింది. ఆరేళ్ళ తర్వాత దిగడం. పద్నాలుగు మెట్లకే కళ్ళు తిరిగాయి. సర్వరీ పద్దెనిమిదో మెట్టు మీద అలవాటైనదానిలా చతికిలబడి, పక్కన తడిమి చోటు చూపించింది.

"కూసో అక్కా. ఆయన చెప్తుండె, ఈడ కూసోని దమ్ము తీస్కోవాలె, పావుగంటయినా ఫికర్ లేదు, పైకి పోయి ఒక్కసారే సలాం కొట్టాలెనని. నేను గూడ గట్లనే కూసుండి వచ్చిన. అందరు ఈడ్నే కూసుంటరు."

రాజకుమారి చూసింది. ఆ మెట్టు నడుమ నున్నగా అరిగి మెరుస్తోంది. మూలన బీడీ ముక్కలు కుప్ప. గోడమీద తలలు ఆన్చిన నూనె మరకలు వరసగా, పక్కన వేళ్ళకంటిన సున్నం గీతలు. ఎవడో పాత చాయ్ గ్లాసు కూడా వదిలేశాడు. ఆరేళ్ళుగా ఊళ్ళో ముసలాళ్ళంతా తన కింద పద్నాలుగు మెట్ల దూరంలో కూర్చుని దమ్ము కూడగట్టుకుంటున్నారు, తను పైన కూర్చుని వాళ్ళ ఆయుష్షు కొలుస్తోంది. లోపల అరవై మూడు కార్డులున్నాయి. అరవై మూడింటి ధరా తప్పే. ఆమెకు మొదట కోపమొచ్చింది, ఆపైన ఆపుకోలేనంత నవ్వు. నవ్వుతుంటే ఊపిరి అందలేదు. సర్వరీ వీపు నిమిరింది.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంది. "పైకి పోయి నీ కార్డు తెచ్చుకో," అంది. "ముప్పై అయిదు నెలలు. పైసలు నువ్వే తెచ్చియ్యి. గంత పైకి రాకు, ఈడిదాకా రా, నేనే దిగుత."

సర్వరీ పైకెళ్ళి కార్డు తెచ్చుకుని, మిగిలిన మెట్లు గోడ పట్టుకుని దిగిపోయింది. రాజకుమారి పైకి లేవబోయి మళ్ళీ కూర్చుంది. పావుగంట గడిచాక పద్నాలుగు మెట్లూ ఎక్కి తన గుమ్మంలో నిలబడి, ఖాళీ కుర్చీకి నమస్తే పెట్టి చూసుకుంది. మాట మధ్యలో తెగింది. గోడ పట్టుకుని ముందు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఇరవై నాలుగు నెలలు, అంతకు మించి ఒక్కటి కూడా ఈ మనిషికి రాయకూడదని ఆమె చెవి చెప్పింది. సర్వరీ ఇవ్వాల్సినవి ముప్పై అయిదు.