రెండోసారి జారిన చిప్ప

ప్రత్తిపాడుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక ఊరి హైస్కూల్లో మాబూబీ వ్యాయామ ఉపాధ్యాయురాలు. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. నల్లరేగడి మైదానంలో తానే సున్నంతో గీతలు గీసి, ఆడపిల్లల కబడ్డీ జట్టును తయారుచేసింది. ఆ జట్టు ఎన్నోసార్లు డివిజన్ దాటి జిల్లా దాకా వెళ్ళింది గాని, జిల్లా దాటి రాష్ట్ర పోటీలకు ఎన్నడూ వెళ్ళలేదు. ఈ సంగతి ఆమె పైకి అనేది కాదు. భర్త అల్లాబక్షుకు మాత్రం తెలుసు.

ఆ యేడు ఆమెకు నాగజ్యోతి దొరికింది. తొమ్మిదో తరగతి, పద్నాలుగేళ్ళు. తండ్రి కోటేష్, తల్లి రాఘవమ్మ కౌలుకు నాలుగెకరాలు చేస్తారు, రెండు పత్తి, రెండు మిరప. నాగజ్యోతి సన్నగా, పొడుగ్గా ఉండేది. కూతకు వెళ్ళి ఒంటికాలి మీద గిర్రున తిరిగితే ఎదుటి జట్టు పిల్లలు గాలిని పట్టుకునేవాళ్ళు.

ఆగస్టు రెండో వారంలో ఒక సాయంత్రం అలా తిరగబోయింది. ముందురోజు వాన పడింది. ఎడమ పాదం రేగడిలో దిగబడి నిలిచిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలు లోపలికి వాలింది. ఏదో జారిన చప్పుడు ప్రాక్టీసు చేస్తున్న పిల్లలందరికీ వినిపించింది. పడిపోయిన నాగజ్యోతి కాలు మడిచే ఉంది. మోకాలి ముందుభాగం చదునుగా, పక్కన బయటివైపు ఒక గడ్డలాగా ఉంది. ఆ గడ్డ మోకాలి చిప్పే.

మాబూబీ పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. "ఎవరూ ముట్టుకోవద్దు. నువ్వు కాలు చాపొద్దు. ఎట్లా ఉందో అట్లాగే ఉంచు" అంది. ఇద్దరు పిల్లల్ని నాగజ్యోతి వీపుకు ఆసరాగా కూర్చోబెట్టింది. పిల్లల చున్నీలు చుట్టలు చుట్టి మోకాలి కింద పెట్టింది. అట్టపెట్టె చించి కాలుకు రెండు వైపులా ఆనించి, చిప్పకు పైనా కిందా వదులుగా గుడ్డ కట్టింది. కూల్‌డ్రింకుల షాపు నుంచి ఐసు తెప్పించి, తువ్వాల్లో చుట్టి మోకాలి మీద ఉంచింది. కాలివేళ్ళు పట్టుకుని చూసింది. వెచ్చగానే ఉన్నాయి.

"వేళ్ళు కదుపు. నేను ముట్టుకుంటే తెలుస్తోందా?"

"తెలుస్తోంది మేడమ్. నీళ్ళు కావాలి."

"ఇప్పుడొద్దమ్మా. హాస్పిటల్లో మత్తు ఇవ్వాల్సొస్తే కడుపు ఖాళీగా ఉండాలి."

అప్పటికే 108కి ఫోన్ చేసింది. బండి కన్నా ముందు కోటేష్ అన్న యలమందయ్య వచ్చాడు. ఊళ్ళో ఎవరికి కాలు బెణికినా, చెయ్యి తొలిగినా ఆయన దగ్గరికే వెళ్తారు.

"తప్పుకో మేడమ్. ఒక్క గుంజు గుంజితే కూర్చుంటది. ఎన్ని కాళ్ళు చూడలా నేను?"

మాబూబీ కదల్లేదు. "బలవంతంగా నెడితే లోపల ఎముక చిట్లుద్ది పెద్దయ్యా. చిప్ప కింద నున్నటి పొర ఉంటది, అది గీరుకుపోద్ది. ఎక్స్‌రే తీయకుండా ఎవరూ గుంజకూడదు."

"ఆడపిల్లకి ఏమన్నా అయితే నీదే పూచీ."

"నాదే."

ఆ మాట అందరూ విన్నారు. అప్పుడే పొలం నుంచి ఆయాసపడుతూ వచ్చిన కోటేష్ కూడా విన్నాడు.

గుంటూరు హాస్పిటల్లో ముందు ఎక్స్‌రే తీశారు, నొప్పి తెలియకుండా మందు ఇచ్చారు. డాక్టరు కాలును మెల్లగా చాపుతూ, చిప్పను బొటనవేలితో లోపలివైపు కొద్దిగా నెట్టాడు. అది తన చోట కూర్చుంది. ఎముక విరగలేదు. చిప్పను లోపలివైపు పట్టి ఉంచే లిగమెంటు మాత్రం చిరిగిందన్నాడు. "ముందు ఎవరూ చెయ్యి పెట్టకపోవడం మంచిదైంది" అన్నాడు. కోటేష్ మాబూబీకి రెండు చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

తర్వాతది ఎక్కువ కాలం పట్టే పని. మూడు వారాలు మోకాలు కదలకుండా బ్రేస్, చంకకర్రలు. తర్వాత గుంటూరు బ్రాడీపేటలో శ్రీజ అనే ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు. కాలు చాపి తొడ కండను బిగించి పదంకెలు లెక్కపెట్టడం, కాలు వంచకుండా పైకెత్తడం, పక్కకు పడుకుని తుంటి దగ్గర నుంచి కాలు లేపడం, ఆ పైన ఒంటికాలి మీద నిలబడటం. మొదటి రోజే కోటేష్‌నూ మాబూబీనీ కూర్చోబెట్టి శ్రీజ చెప్పింది.

"నొప్పి అయిదారు వారాల్లో పోతుందండి. బలం అంత తొందరగా రాదు. ఈ వయసులో ఒకసారి జారిన చిప్ప మళ్ళీ జారడం చాలా మామూలు. తొడా తుంటీ గట్టిపడి, ఒంటికాలి గెంతులో ఎడమకాలు కుడికాలితో దాదాపు సమానం అయ్యేదాకా ఆట వద్దు. నాలుగు నెలలు పట్టొచ్చు."

మాబూబీ అదంతా కాగితం మీద రాసుకుంది. బస్సులో నాగజ్యోతిని శ్రీజ దగ్గరికి ఆమే తీసుకెళ్ళేది. అక్టోబరు వచ్చేసరికి పత్తి తీతలు మొదలయ్యాయి. రాఘవమ్మ తెల్లవారకముందే చేలోకి వెళ్ళేది, ఇంట్లో వంట నాగజ్యోతి మీద పడింది. రోజుకు మూడుసార్లు చేయాల్సిన వ్యాయామం ఒకసారికి వచ్చింది, తర్వాత అదీ లేదు. నొప్పి పోయింది కదా అని పిల్లా అనుకుంది, ఇంట్లోవాళ్ళూ అనుకున్నారు.

తొమ్మిదో వారంలో శ్రీజ గెంతించి టేపుతో కొలిచింది. కుడికాలితో ఎగిరినదాంట్లో ఎడమది నూటికి అరవై వంతులే. చిన్న మెట్టు దిగమంటే మోకాలు లోపలికి వాలిపోతోంది.

"చూశారా మేడమ్? మోకాలు ఇట్లా లోపలికి పోతే మళ్ళీ జారుతుంది."

"చూశానండి" అంది మాబూబీ.

పదిరోజుల్లో జిల్లా పోటీలు. హెడ్‌మాస్టర్ రామకాంత్ ఆమెను పిలిచాడు. "ఆ అమ్మాయి లేకపోతే మన జట్టు మొదటి రౌండులోనే ఇంటికొస్తుంది. నడుస్తోందిగా, పరుగెత్తుతోంది కూడా. నిర్ణయం మీదే మేడమ్, నేను బలవంతం చేయను."

నాగజ్యోతి స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి ఏడ్చింది. "అస్సలు నొప్పి లేదు మేడమ్. ఒక్క మ్యాచ్. చివర్లో దింపండి చాలు."

ఆ సాయంత్రం మాబూబీ కోటేష్ వాళ్ళ చేనికి వెళ్ళింది. అనుమతి కాగితం మీద సంతకం కావాలి. ఆయన పత్తి బోరెం భుజం మీంచి దించి, కాగితం తీసుకుని అడిగాడు.

"ఆడొచ్చంటారా మేడమ్?"

గెంతు కొలతలున్న కాగితం ఆమె హ్యాండుబ్యాగులోనే ఉంది. దాన్ని తీసి చూపించి ఉండొచ్చు. నాలుగు నెలలన్న మాట ఆయనా విన్నాడు గాని, పొలం పనుల్లో మరిచిపోయాడని ఆమెకు అర్థమైంది.

"బెల్టు కడతాను. కాసేపే దింపుతాను" అంది.

"మీరు చెప్పాక ఇంకేముంది. ఆ రోజు మా అన్నను కూడా ఆపారు మీరు" అని సంతకం పెట్టాడు.

సెమీఫైనల్లో రెండు పాయింట్లు వెనకబడినప్పుడు, ఆరు నిమిషాలు మిగిలి ఉండగా, మాబూబీ నాగజ్యోతిని దింపింది. మోకాలికి బెల్టు ఉంది. మొదటి కూతలో ఒక పాయింటు, రెండో కూతలో రెండు తెచ్చింది. జట్టు ముందుకెళ్ళింది. పిల్లలు అరుస్తున్నారు. మాబూబీ కూడా గీత దగ్గర నిలబడి చేతులు పైకెత్తి అరిచింది. మూడో కూతలో నాగజ్యోతి ఎడమ పాదం ఆనించి తిరిగింది.

ఈసారి చిప్ప జారి, దానంతట అదే వెనక్కి వచ్చేసింది. చూసినవాళ్ళకు ఏమీ కానట్టే ఉంది. కాని అరగంట తిరక్కుండానే మోకాలు రక్తం నిండి కుండలా ఉబ్బింది. మాబూబీ ఐసు పెట్టింది, కట్టు కట్టింది, కాలి మీద బరువు మోపనివ్వకుండా ఇద్దరి చేత మోయించింది. ఆగస్టులో చేసినవన్నీ అదే వరసలో చేసింది. నాగజ్యోతి ఈసారి ఏడవలేదు. ఆమె చేతుల్నే చూస్తూ పడుకుంది.

"కాగితంలో నాలుగు నెలలని ఉంది కదా మేడమ్" అంది కాసేపటికి.

మాబూబీ మోకాలి మీద ఐసు మూట సర్దింది.

ఎమ్మారై స్కానులో తేలింది. చిప్ప వెనక్కి వస్తూ తొడ ఎముక అంచును కొట్టుకుని, నున్నటి పొరతో పాటు చిన్న ఎముక ముక్క ఊడింది. అది కీలులో తేలుతోంది. ఆపరేషన్ చేసి ముక్కను తిరిగి అతికించారు. తొడ వెనక నుంచి నరం లాంటి పట్టీ తీసి, తెగిన లిగమెంటు స్థానంలో కొత్తది కట్టారు. ముక్క మీద బరువు పడకూడదని ఆరు వారాలు నేల మీద కాలు మోపనివ్వలేదు.

హాస్పిటల్ వరండాలో కోటేష్ ఒక్కటే అడిగాడు. "మీకు తెలుసా మేడమ్, తెలియదా?"

"తెలుసు."

ఆయన లేచి, వరండా ఆ చివరికి వెళ్ళి కూర్చున్నాడు.

రామకాంత్ పైవాళ్ళకు రాసిన ఉత్తరంలో తండ్రి సంతకం ఉంది కాబట్టి స్కూలు తప్పు లేదని ఉంది. మాబూబీ ఇంకో ఉత్తరం రాసింది. ఫిజియో వద్దందని, కొలతలు చూశానని, అయినా ఆడించానని, తండ్రికి చెప్పలేదని. రెండు నెలల తర్వాత ఒక మెమో వచ్చింది. ఇకముందు జాగ్రత్తగా ఉండవలెను అని ఒకే వాక్యం.

ఆ జనవరిలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణలో ఆమెను మాట్లాడమన్నారు. ఆగస్టు నాటి సంగతి, యలమందయ్యను ఆపిన సంగతి, అందరికీ తెలిసిందే. అది చెప్పగానే చప్పట్లు కొట్టారు. ఆమె ఆగకుండా అక్టోబరు సంగతి కూడా చెప్పింది. నొప్పి లేదన్న పిల్ల మాటను కాదు, కొలతను నమ్మాలంది. నిర్వాహకుడు లేచి, టీ విరామం అన్నాడు.

చంకకర్రలు తీసేశాక ఒక సాయంత్రం ఆమె నాగజ్యోతి ఇంటికి వెళ్ళింది. రాఘవమ్మ వాకిట్లో మిరపకాయల తొడాలు తీస్తోంది. తలెత్తలేదు.

"వ్యాయామాలు రోజూ నేను చేయిస్తానమ్మా. ఈసారి ఒక్కపూట కూడా తప్పదు."

"చేయించండి. మాకు తీరికెక్కడిది? మీ మీద గౌరవంతో కాదు, పిల్ల కుంటిది కాకూడదని" అంది రాఘవమ్మ.

ఏడు నెలలు ఆమె రోజూ వెళ్ళింది. తొడ బిగింపు, కాలెత్తడం, ఆనక అద్దం ముందు మెట్టెక్కి దిగడం. మోకాలు లోపలికి వాలితే ఆపించేది. మోకాళ్ళు కొద్దిగానే వంచే గుంజీలు, ఒంటికాలి గెంతు, గెంతి రెండు మోకాళ్ళూ వంచి మెత్తగా దిగడం. స్కూల్లో కూడా ఆట ముందు పావుగంట ఈ గెంతులూ దిగడాలూ లేనిదే ఎవరినీ గీత దాటనిచ్చేది కాదు. మొదట్లో నాగజ్యోతి అంకెలు లెక్కపెట్టడానికే నోరు తెరిచేది. తర్వాత కొంచెం కొంచెం మాట్లాడింది. చదువు గురించి, మిరపతోటకు పట్టిన నల్లతామర పురుగు గురించి. ఆట గురించి ఎన్నడూ కాదు.

ఆపరేషనయిన పదో నెలలో శ్రీజ మళ్ళీ టేపు పరిచింది. నూటికి తొంభై నాలుగు వంతులు. మెట్టు దిగితే మోకాలు నిటారుగా నిలిచింది. డాక్టరు కూడా చూసి, మెల్లగా ఆటలోకి వెళ్ళొచ్చన్నాడు.

బ్రాడీపేట నుంచి తిరిగొస్తూ బస్సు కోసం నిలబడ్డారు. మాబూబీ అడిగింది, "సోమవారం గ్రౌండుకు వస్తావా?"

"రాను మేడమ్."

"భయమా? మొదట్లో అందరికీ ఉంటుంది. నెమ్మదిగా..."

"భయం కాదు. కాలు బాగానే ఉంది, నాకు తెలుస్తోంది." గొంతు పెంచకుండానే చెప్పింది. "గీత దగ్గర మీరుంటే ఆడలేను. ఆ రోజు మీరు చేతులెత్తి అరిచారు. పడిపోయే ముందు నేను చూసింది అదే."

బస్సు వచ్చింది. నాగజ్యోతి ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి, ముందు సీట్లో ఒక ముసలావిడ పక్కన కూర్చుంది. వెనక చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. మాబూబీ వాటిలో ఒకదాంట్లో కూర్చుని, ఇద్దరికీ టికెట్లు తీసింది.