ఒకే సుత్తి, రెండు కూలీలు

అరవైల మొదట్లో సండూరు కొండల మీద ఒక ఇనుపరాయి గనిలో పసిపిల్లల్ని చూసుకునే పని చేసేదాన్ని. తల్లులు పనిలో ఉన్నంతసేపూ బిడ్డల్ని ఉంచడానికి గని యజమానులు ఒక గది కట్టి తీరాలని రూలు. ఒక రేకుల షెడ్డు, నాలుగు ఉయ్యాలలు, నేను. నాకు నోరెక్కువని మా ఇంట్లో పేరు. పసిపిల్లల దగ్గరైతే ఎవరితోనూ తగాదా రాదని మావాళ్ళు ఆ పనికి ఒప్పుకున్నారు.

చోరనూరు నుంచి వచ్చిన ఒకావిడ తన బిడ్డను నా దగ్గర వదిలేది. భర్త పోయాడు. గనిలో మొగుడూ పెళ్ళామూ జోడీగా రాయి తవ్వి కుప్ప పోస్తే, ఆ కుప్ప కొలిచి ఇద్దరి కూలీ మగవాడి చేతికే ఇచ్చేవాళ్ళు. జోడీ లేనివాళ్ళు దినకూలికి రాయి కొట్టాలి. అందులో మగవాళ్ళకు రూపాయి ముప్పావలా, ఆడవాళ్ళకు రూపాయి పావలా. కొట్టేది అదే రాయి, జల్లించేది అదే జల్లెడ.

ఆ కూలి చాలక ఆమె అవస్థ పడుతుంటే, తన కుప్ప మీద పనికి రమ్మని మరిది పోరు పెట్టాడు.

"వాని కుప్ప మీద చేస్తే బిడ్డ పాలకు గూడా వాన్నే అడగల్ల అక్కా. మొగోళ్ళకిచ్చే కూలి నాకూ ఇస్తే సాలు, ఎవురి దగ్గరా చెయ్యి సాపను" అంది ఒకరోజు.

నాకు ఒళ్ళు మండింది. దినకూలి ఆడవాళ్ళందరి చేతా వేలిముద్రలు వేయించి బళ్ళారిలో ఉన్న లేబర్ ఆఫీసరుకు అర్జీ పంపాను. పని ఒకటో కాదో కళ్ళారా చూస్తానని ఆయనే బయలుదేరి వచ్చాడు.

ఆయన వచ్చినా సుత్తి దించవద్దని అందరికీ ముందే చెప్పాను. ఎవరు విన్నారు? జీపు ఆగగానే ఆడవాళ్ళంతా సుత్తులు పక్కన పెట్టి, కొంగు సర్దుకుని లేచి నిలబడ్డారు. పెద్దమనిషి వస్తే కూర్చునే ఉండటం మర్యాద కాదు కదా! ఇద్దరైతే ఆయన కాళ్ళకు దుమ్ము అంటకుండా దారి ఊడ్వడం మొదలుపెట్టారు. మగవాళ్ళు మాత్రం దించిన తల ఎత్తకుండా రాయి కొడుతున్నారు.

"చూడండి సార్, కొట్టేది మగవాళ్ళు, ఊడ్చేది ఆడవాళ్ళు. పని వేరు కాబట్టే కూలి వేరు" అన్నాడు మేనేజరు.

ఆ చీపుళ్ళు లాక్కుని విరిచేయాలనిపించింది. ఆఫీసరు మాత్రం ఒక బండ మీద కూర్చుని, "రోజూ ఎట్ల చేస్తారో అట్లే చేయండమ్మా" అన్నాడు. ఆడవాళ్ళు మళ్ళీ సుత్తులందుకున్నారు. మధ్యాహ్నం సంగటి ముద్దలు విప్పేదాకా ఆయన అక్కణ్ణించి కదలలేదు. ఆ తర్వాత మేనేజరుతో, పని ఒక్కటేనని తేల్చి చెప్పాడు.

పనైపోయిందనుకున్నాను. ఆయన నన్ను పక్కకు పిలిచి ఉన్న సంగతి చెప్పాడు. సమాన పనికి సమాన వేతనం రావాలని రాజ్యాంగంలో ఉంది, కానీ అది ప్రభుత్వానికి చెప్పిన మార్గమే, దాన్ని పట్టుకుని కోర్టుకు పోలేము. బయటి దేశాలతో కలిసి మన సర్కారు ఒక ఒప్పందం మీద సంతకం కూడా పెట్టింది, దానికి తగ్గ చట్టం ఇంకా రాలేదు. ఆయన ఆర్డరు వేయలేడు. మేనేజర్నీ మమ్మల్నీ కూర్చోబెట్టి రాజీ చేయగలడు. రాజీ మీద సంతకాలు పడ్డాక మాత్రం తప్పితే శిక్ష ఉంటుంది.

మగవాళ్ళ కూలి తగ్గించి సమం చేస్తానని మేనేజరు బేరం పెట్టాడు. దానికి ఆఫీసరు ఒప్పుకోలేదు. చివరికి రాయి కొట్టే పనికి ఎవరికైనా రూపాయి ముప్పావలా అని సంతకాలయ్యాయి. చోరనూరు ఆమె ఆ వారం కూలి తన చేత్తో తీసుకుని, మరిదికి రానని చెప్పేసింది. నాకెంత సంతోషమయిందో!

వానలు తగ్గాక మేనేజరు రాయి కొట్టే మగవాళ్ళందర్నీ లారీ లోడింగుకు మార్చాడు. లోడింగు కూలి రెండు రూపాయల పావలా. రాయి కొట్టడం ఇక ఆడవాళ్ళ పని. మళ్ళీ రాశాను. మేనేజరు రాజీ షరతు తప్పలేదని జవాబొచ్చింది. సమానం చూడాలంటే అదే పనిలో మగవాడు ఉండాలట. ఇప్పుడు ఒక్కడూ లేడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని నోటికొచ్చినట్లు తిట్టాను.

చోరనూరు ఆమె తిట్టలేదు. మరుసటి రోజు బిడ్డను ఉయ్యాలలో వేసి, రాయి కొట్టే వైపు కాకుండా లారీల వైపు నడిచింది. ఏమవుతుందోనని వెనకే వెళ్ళాను. ఒక గంప నిండా రాయి ఎత్తి, నెత్తిన పెట్టుకుని, లారీకి ఆనించిన చెక్క పలక మీదుగా ఎక్కి లారీలో కుమ్మరించి దిగింది.

మేస్త్రీ అడ్డమొచ్చాడు. "ఈడ ఆడోళ్ళకు రేటే లేదు కదమ్మా, ఏమని రాసుకునేది?"

"ఆడోళ్ళ రేటు ఎవురడిగిరి మేస్త్రప్పా?" అని, ఆమె రెండో గంపకు వంగింది.