గద్దల చీరలు

గద్వాలలో కమల మగ్గం మీద కూర్చోవడం మొదలై ముప్పై ఏళ్లు. చదివింది ఏడో తరగతి. అయినా వనపర్తిలో చీరల అమ్మకం పెట్టుకున్నప్పుడు పోస్టరు తానే చేస్తానంది. మేనకోడలు శ్రుతి ఫోన్లో బొమ్మలు గీసే ఏఐ యాప్ పెట్టిచ్చి, ఏం కావాలో చెబితే చాలంది.

కమల చెప్పింది. నిమిషంలో పట్టంచు చీర కట్టిన అమ్మాయి, పైన పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి. మురిసిపోయి, చదవకుండానే వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపేసింది.

మొదటి ఫోను ఆడబిడ్డ ఉమారాణిది.

"ఏంది వదినా, గద్దలు గూడ చీరలు కడ్తున్నయా?"

చూస్తే ‘గద్వాల చీరలు’ కాస్తా ‘గద్దల చీరలు’ అయింది. కమల నాలుక కరుచుకుని, సరిగ్గా రాయమని యాప్‌కు మళ్లీ చెప్పింది. ఈసారి గద్వాల కుదిరింది, చీరలు చీమలయ్యాయి. మూడోసారి పేరంతా బాగుంది గానీ ఫోను నంబరులో ఒక అంకె మారింది. అనుమానంతో ఆ నంబరుకు చేస్తే పాన్‌గల్ రైతు కిష్టయ్య ఎత్తాడు.

"చీరలా? నా తాన పల్లికాయలున్నయమ్మా, కావాల్నా?"

శ్రుతి పడీపడీ నవ్వింది. "అత్తా, అది మనలెక్క రాయదు. అక్షరాన్ని గూడ బొమ్మలెక్క గీస్తది. మన వత్తులు దానికి సరిగ తెల్వయి."

"మరి రాతపని దానికెందుకే? చీర నేసేటప్పుడు ఒంటి దారానికొక నాడె, అంచు దారానికొక నాడె ఏస్తం గదా. బొమ్మ అది గీయని, రాత మనం రాద్దాం."

ఒక్క అక్షరం కూడా వద్దు, పైభాగం ఖాళీగా ఉంచమని అడిగింది. యాప్ అమ్మాయి వెనకాల దుకాణం బోర్డు గీసి, దాని మీద ఏవో గీతలు గిలికింది. బోర్డు కూడా వద్దు, వెనక ఉత్త గోడ చాలంది కమల. ఆ బొమ్మను మరో యాప్‌లో తెరిచి, ఖాళీలో తెలుగు కీబోర్డుతో టైప్ చేసింది. మొదటి ఫాంటులో వత్తు విడిపోయి పక్కకు జరిగింది. ఫాంటు మారిస్తే కుదురుకుంది.

పంపే ముందు భర్త మల్లయ్యను కూర్చోబెట్టి ఒక్కో అక్షరం చదివించింది. అతడు ఆగాడు.

"‘అదివారం’ అని ఉంది. ఇది యాప్ తప్పా, నీ తప్పా?"

"నాదే. జర మెల్లగ అను."

వనపర్తికి ఇరవై మూడు చీరలు పట్టుకెళ్తే నాలుగే తిరిగొచ్చాయి. గద్దల చీర చూపించమని అడిగినవాళ్లే ఆరుగురు. ముగ్గురు కొన్నారు కూడా.

ఇప్పుడు వీధిలో పోస్టరు పనులన్నీ కమలవే. మొన్న ఇటిక్యాల నుంచి ఆశీర్వాదం అనే పాస్టరు తన సువార్త సభల పోస్టరు కోసం వచ్చాడు. తయారయ్యాక ఆమె ఫోను ఆయన చేతికిచ్చింది.

"గట్టిగ చదువుండ్రి అయ్యగారూ, ఒక్క అక్షరం ఇడవకుంట."

ఆయన అలవాటు కొద్దీ సభలో చదివినట్టే చదివాడు. ఏమైందోనని పక్క మగ్గాల వాళ్లంతా గడప దాకా వచ్చి నిలబడ్డారు.