సౌదీ, క్యాడీ, పరేడ్

ఆదోనిలో ఒక చిన్న ఆసుపత్రి, రెండో గది. మంచం మీద జ్వరంతో మగతగా నాన్న. సెలైన్ స్టాండు, బల్ల మీద మందు సీసా, నా ఫోన్, మందుల చీటీ, నేను. అమ్మ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తోంది.

నాన్నకు ఏ మందైనా పడదా అని డాక్టర్ అడిగితే లేదన్నాను. అయినా అలవాటు కొద్దీ సీసా ఫోటో తీసి అమ్మకు పంపాను. కాసేపటికి జవాబు వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే ఇంగ్లీషు మాటలు: యాజ్, సౌదీ, క్యాడీ, పరేడ్.

ఫోన్ చేస్తే కలవలేదు. దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు.

నర్సు పది మిల్లీలీటర్ల సిరంజి పట్టుకుని వచ్చింది. మెసేజ్ చూపిస్తే నవ్వింది. "మీయమ్మ సౌదీకి పోతాందేమో అప్పా." సూది సెలైన్ గొట్టంలో పెట్టి, మందు మెల్లగా ఎక్కించడం మొదలుపెట్టింది.

అమ్మ తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తుంది. అక్షరాల మీదే చూపు, తెర చూడదు. ఆమె ఫోన్ కొత్తది. మాట తరువాత ఖాళీ నొక్కగానే, తెలియని మాటను తనకు తెలిసిన ఇంగ్లీషు మాటగా మార్చేస్తుంది. నా ఫోన్ ఆ తెలుగు మాటలను ఎప్పుడో నేర్చేసుకుంది కాబట్టి అందులో టైప్ చేసి పోల్చుకునే వీలు లేదు. చీటీ వెనక లెక్క వేశాను. దిద్దుబాటు ఎక్కువగా కీబోర్డు మీద పక్కనున్న అక్షరాన్ని పట్టుకుంటుంది, లేదా ఒక అక్షరం చేరుస్తుంది.

క్యాడీలో మొదటిది సి, దాని పక్కన వి. చివరిది వై, దాని పక్కన యు. రెండూ మారిస్తే, వద్దు.

సౌదీలో ఒక ఏ తీసేస్తే, సూది. యాజ్‌లో ఎస్ పక్కన ఏ, అంటే ఆ. పరేడ్‌కు రెండు అక్షరాలు మార్చాలి, కానీ ఇక వెతకనక్కర్లేదు: పడదు.

ఆ సూది వద్దు, పడదు.

"అక్కా, ఆపండి. ఆ మందు నాన్నకు పడదు."

"డాక్టర్ సారు అడిగినప్పుడు ఏం సెప్పినావప్పా?" అంది, చెయ్యి మాత్రం ఆపేసి.

నాన్న మెడ మీద దద్దుర్లు లేస్తున్నాయి. ఊపిరి ఈలలా వినిపించింది. నర్సు పరుగెత్తి డాక్టర్‌ను తీసుకొచ్చింది, ఆయన తొడకు వేరే సూది వేశాడు.

అమ్మ వచ్చి సంచిలోంచి పాత కార్డు తీసింది. నా చిన్నప్పుడు ఉరుకుంద తిరునాళ్లలో నాన్నకు ఇదే మందు పడకపోతే, అక్కడి డాక్టర్ రాసిచ్చిన కార్డు. ఇంట్లో ఆ సంగతి తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

నాన్న ఊపిరి సాయంత్రానికి కుదురుకుంది. పది మిల్లీలీటర్లలో ఆయన ఒంట్లోకి వెళ్లినవి మూడు.