ఎర్ర అక్షరాల స్పోర్ట్

ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు కార్ల షోరూంలో పనికి రారు. ఈ మాట కోపంతోనే అంటున్నాను. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

నెల్లూరు దాటి కొడవలూరు వైపు పోయే హైవే పక్కన ఉండేది మా షోరూం. అక్కడ సేల్స్‌లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. టీమ్ లీడర్ సీటు ఖాళీ అయినప్పుడు దానికి నేనూ, నాతోపాటే చేరిన ఇంకొకతనూ మిగిలాం. ఆ నెలలో పెద్ద మోడల్ ఎవరు అమ్మితే సీటు వాళ్లదేనని మేనేజర్ తేల్చి చెప్పారు. సరిగ్గా ఆ మోడలే మా పెదనాన్న కొడుకు కొనాలనుకుంటున్నాడు. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. చర్చి బయట పదిమంది ముందు, "కారంటూ కొంటే నీ దగ్గరే పాపా" అని మాటిచ్చాడు. నేను అప్పుడే ఆ సీట్లో కూర్చున్నంత సంబరపడ్డాను.

టెస్ట్ డ్రైవ్‌కి అన్నని మైపాడు రోడ్డు మీదకి తీసుకుపోయాను. అన్నకి కళ్లకన్నా చెవుల మీద నమ్మకమెక్కువ. గుంట గట్టు మీద నిలబడి, నీళ్లు తోడే డీజిల్ ఇంజన్ చప్పుడు విని, అది బాగుందో మొరాయించబోతుందో చెప్పేస్తాడు. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా. కారునీ అలాగే చెవితోనే చూశాడు.

ఆ బండి తోలడానికి ఎకో, నార్మల్, స్పోర్ట్ అని మూడు మోడ్లు. ముందు ఎకోలో పెట్టాను. స్టీరింగ్ వెనక తెర మీద ఆ మాట పచ్చగా వెలిగింది. పెడల్ ఎంత తొక్కినా బండి తాపీగానే స్పందించింది, గేర్లు తొందరగా పైకి మారిపోయాయి, ఏసీ కొంచెం మెత్తబడింది. ఎండకి అన్న చొక్కా గుండీ తీసుకుని ముఖం చిట్లించాడు. నార్మల్‌కి మారిస్తే కాస్త తేరుకున్నాడు. స్పోర్ట్ నొక్కగానే తెర మీద ఎర్ర అక్షరాలు వెలిగాయి. పెడల్ మీద కాలు ఆనించేసరికే బండి ముందుకు ఉరికింది. గేరు మారకుండా ఆగి ఇంజన్ గట్టిగా అరిచింది. స్టీరింగ్ బరువెక్కింది. అన్న ముఖం చాటంత అయింది.

అక్కడితో నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆ సీటు కోసమైనా మూసుకోవాల్సిందని తర్వాత చాలామంది నాకు చెప్పారు. కానీ అడిగింది అన్న. స్పోర్ట్‌లో ఇంజన్‌కి బలం ఎంత పెరుగుతుందని అడిగాడు. ఏమీ పెరగదని చెప్పాను. ఇంజన్ అదే, దాని బలమూ అదే. కాలు కొంచెం కదిపితే బండి ఎంత స్పందించాలి, గేరు ఎప్పుడు మారాలి అన్నదే మారుతుంది. కావాలంటే నార్మల్‌లో పెట్టి పెడల్ పూర్తిగా తొక్కి చూడమన్నాను. రోడ్డు ఖాళీగా ఉండగా తొక్కాడు. గేరు కిందికి దిగి, బండి దాదాపు అంతే వేగంగా దూకింది. మెత్తగా తోలితే ఎకోలో పెట్రోలు ఆదా అవుతుందనీ, ఊరికే గట్టిగా తొక్కుతుంటే ఎకోలో ఉన్నా పెద్దగా మిగలదనీ కూడా చెప్పాను.

అన్న సంతోషమంతా దిగిపోయింది. నేను అతని చేతిలోని మిఠాయి లాక్కున్నట్టు చూశాడు.

తర్వాత నాకు సెలవున్న రోజు చూసుకుని అన్న షోరూంకి వచ్చాడు. నాతో పోటీలో ఉన్నతను బండి ఎక్కించి, స్పోర్ట్ నొక్కి, ఇంజన్ బలం ఇందులో ఎక్కువవుతుందనీ, అక్కకి ఇంకా ఈ మోడల్ సంగతులు తెలియవనీ చెప్పాడట. అన్న ఆ రోజే బుక్ చేశాడు. సీటు అతనిదైంది. మేనేజర్ నన్ను పిలిచి, కస్టమర్ ఆనందపడుతున్నప్పుడు మనం పాఠాలు చెప్పకూడదమ్మా అన్నారు.

కారు ఇచ్చే రోజు మా పాస్టరు అయ్యగారు బానెట్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. తాళం అందించే పని బంధువునని నాకే ఇచ్చారు. మోడ్ల సంగతి మళ్లీ చెప్పబోతే అన్న చెయ్యి అడ్డం ఊపాడు, అంతా అర్థమైందన్నాడు. నాతో పోటీలో ఉన్నతను స్పోర్ట్ నొక్కి పంపించాడు. అన్న ఇంజన్‌ని అరిపించుకుంటూ రోడ్డెక్కాడు.

మర్నాడే వెనక్కి వచ్చాడు. కళ్లెర్రగా ఉన్నాయి. వచ్చీ రావడంతోనే నన్ను పిలిపించమన్నాడట. మేనేజరూ, కొత్త టీమ్ లీడరూ, ఇద్దరు ముగ్గురు కస్టమర్లూ చూస్తుండగా అడిగాడు.

"నిన్న తీసకపోయినప్పుడు ఉండిన బలం ఇప్పుడు లేదు పాపా. నీకు రావాల్సింది రాలేదని బండిలో ఏమన్నా మార్పించినావా?"

చిన్నప్పుడు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తిప్పిన అన్న అతనే. వెళ్లి డ్రైవర్ సీట్లో కూర్చుని చూశాను. తెర మీద తెల్లగా, చిన్నగా నార్మల్ అని ఉంది. ఆ అక్షరాలు అతను చూడనే లేదు, చప్పుడు తగ్గిందని మాత్రం విన్నాడు. ఆ మోడల్‌లో ఇంజన్ ఆపితే స్పోర్ట్ పోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే నార్మల్‌లోనే లేస్తుంది. గుంట దగ్గర స్విచ్ ఒకసారి వేస్తే తీసేదాకా ఉన్నట్టు, ఇదీ ఉంటుందనుకున్నాడు. అదే వివరించాను. బలం ఎక్కడికీ పోలేదనీ, ఇదంతా మైపాడు రోడ్డులోనే చెప్పాననీ గుర్తుచేశాను.

"నువ్వు చెప్పింది ఏ మోడయినా ఒకటేనని. ఇది ఒకటేనా?" అన్నాడు.

నేను అలా అనలేదు. ఆ మాట అనేలోపే టీమ్ లీడర్ ముందుకొచ్చి, క్షమించమని చేతులు జోడించాడు. స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఆ బటన్ నొక్కుకోవాలని చూపించి, తాళమిచ్చే రోజు అక్క చెప్పే ఉంటుందనుకున్నానన్నాడు. తాళమిచ్చేటప్పుడు పక్కనే ఉన్న మేనేజర్‌కి నిజం తెలుసు. నా వైపు చూసి, కంప్యూటర్ వైపు తిరిగిపోయారు. అన్న టీమ్ లీడర్ భుజం తట్టి వెళ్లిపోయాడు. ఆ నెల జీతం తీసుకుని నేను మానేశాను. అన్న మీద ఇప్పటికీ నాకు కడుపు మంటే.

ఈ మధ్య ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరం అన్న కార్లో మైపాడు బయలుదేరాం. ముందు సీట్లో అయ్యగారు, వెనక వదినా నేనూ. అన్న స్టార్ట్ చేశాడు, బటన్ నొక్కాడు. ఎర్ర అక్షరాలు వెలిగాయి.

"ఈ బటన్ సంగతి ఆ అబ్బాయి చెప్పబట్టి తెలిసింది అయ్యగారూ. మా పాప అక్కడే పనిచేస్తా ఉండి కూడా దాచిపెట్టింది" అన్నాడు నవ్వుతూ.

వదినకి జరిగిందంతా తెలుసు. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. అయ్యగారు వెనక్కి తిరిగి, చాలా దయగా నా ముఖంలోకి చూశారు.

"పోనీలేమ్మా," అన్నారు, "అన్న నిన్ను ఎప్పుడో క్షమించేసినాడు."