గంధం పూసిన కీబోర్డు

ఆయుధ పూజ నాడు మా ఇంట్లో కొడవలికీ, మోటారుకీ, మిక్సీకీ సమానంగా గంధం, కుంకుమ అందుతాయి. తమిళనాడులో మా ధర్మపురిలో బస్సులకే అరటి చెట్లు కడతారు, ఇంక మిక్సీ ఎంత! ఆ ఏడు అమ్మ నా పాత ల్యాప్‌టాప్‌నూ వదల్లేదు. మూత మీద ఒక బొట్టు పెడితే సరిపోయేది. ఆమె మూత తెరిచి, కీల మీద వరసగా పల్చటి గంధం చుక్కలు పెట్టి, పైన బెల్లం బొరుగులు చల్లింది.

ఆ భక్తికి కారణముంది. మర్నాడు సాయంత్రంలోగా నేను ఆన్‌లైన్‌లో టైపింగ్ పరీక్ష రాయాలి. నెగ్గితే ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం, లేకపోతే బెంగళూరులో హాస్టలు. నన్ను పంపడం అమ్మకు సుతరామూ ఇష్టం లేదు. నాకూ లేదు, కానీ పైకి అనలేదు.

కీబోర్డు చూడగానే ఒళ్లు మండింది. ల్యాప్‌టాప్ ఆపకుండానే తడిగుడ్డతో బరబరా తుడిచేశాను. ఆ తర్వాత ‘ఎ’ ఒకసారి నొక్కితే లైను నిండా అదే. ‘జె, కె, ఎల్’ నొక్కితే ఒకటి, రెండు, మూడు.

“పనిముట్టుకు పూజ చేస్తే తప్పా? మంచి కోరే కదా చేసినాను” అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

పండక్కి రిపేరు షాపులన్నీ మూసేశారు. నాన్న కత్తి పట్టుకొచ్చాడు. “ఆ ‘ఎ’ ముక్కను లేపి కడిగేస్తే పోలా?”

“లేపితే కింది కొక్కేలు విరుగుతాయి నాన్నా, కత్తి లోపల పెట్టేయ్!”

కోపం చల్లారాక కళ్లు పనిచేశాయి. ఆ మూడు కీల మూలల్లోనే చిన్నగా అంకెలున్నాయి. నేను తుడవడంలో, అక్షరాలను అంకెలుగా మార్చే నమ్ లాక్ పడినట్టుంది. దాన్ని తీసేస్తే అక్షరాలు ఇంటికొచ్చాయి. ‘ఎ’ మాత్రం లోపల గంధం ఎండి, నొక్కితే పైకి లేవడం లేదు. అందుకే ఆగకుండా పడుతోంది.

ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జరు తీశాను. బోర్లించి మెల్లగా తడితే బొరుగులు రాలాయి. మెత్తటి బ్రష్షుతో దులిపాను. నాన్న ఇన్సులిన్ డబ్బాలోని స్పిరిట్‌లో దూది పుల్లను ముంచి, పిండి, కీ అంచుల చుట్టూ తిప్పుతూ నొక్కుతూ పోయాను. గంధం పసుప్పచ్చగా దూదికి అంటుకొచ్చింది. బాగా ఆరనిచ్చి, మర్నాడు పొద్దున ఆన్ చేశాను. కీ లేచింది.

పరీక్ష రాస్తున్నంతసేపూ అమ్మ మిక్సీ వేయలేదు, గదిలోకి తొంగిచూడలేదు. అయ్యాక తెరమీద ‘పాస్’ అని పడింది. పిలిస్తే అమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

“నేను రాను. నా చెయ్యి పడితే మళ్లీ చెడిపోతాది.”

చెయ్యి పట్టి లాక్కొచ్చి, ఆమె వేలిని ‘ఎ’ మీద పెట్టాను. భయంభయంగా నొక్కి, చటుక్కున తీసేసింది. తెరమీద ఒక్క అక్షరమే పడింది.

“ఒకటే పడె!” అంది. “అంటే నువ్వు యాడికీ పోవు కదా?”

“పోను మా” అన్నాను. పైకి అనడం అదే మొదటిసారి.